అరవై నలుగురు

గురువారం ఉదయం పదిన్నరకు ఆమె దరఖాస్తును తిరస్కరించినట్టు మెయిల్ వచ్చింది. దరఖాస్తు పంపింది బుధవారం రాత్రి. మధ్యలో మనిషన్నవాడు దాన్ని చూసే వ్యవధి లేదు.

మెయిల్ వచ్చినప్పుడు ఆమె ఏడో వరసలో నిచ్చెన పక్కన నిలబడి ఉంది. ఆ గోడౌన్‌లో బండ్ల విడిభాగాలు ఉంటాయి. అద్దాలు, బ్రేకు పళ్ళేలు, ఫిల్టర్లు, బేరింగులు. ఆమె పగటి షిఫ్టు సూపర్‌వైజరు. గోడౌన్‌లో అందరూ ఆమెను అక్క అంటారు. ఆమెకంటే పదేళ్ళు పెద్ద అయిన ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు కూడా అక్క అనే అంటాడు. గోడౌన్ నెలాఖరుకు మూతపడుతోంది. యాజమాన్యం నోటీసు అంటించి మూడు వారాలైంది. ఊరి అవతల కొత్తగా కట్టిన పంపిణీ కేంద్రంలో పగటి షిఫ్టు సూపర్‌వైజరు ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. అక్క దరఖాస్తు చేసింది దానికే. ఆమె భర్త బస్సు డ్రైవరు. వెన్నునొప్పితో రెండు నెలలుగా సగం జీతం మీద ఇంట్లో ఉన్నాడు. ఆ ఉద్యోగం రాకపోతే వచ్చే నెల నుంచి ఇంటికి వచ్చేది ఆ సగం జీతమే.

ఆమె మెయిల్ రెండుసార్లు చదివింది. కారణం ఏమీ లేదు. మీ ఆసక్తికి ధన్యవాదాలు అని ఉంది. కింద ఫోన్ నంబరు ఉంటే చేసింది. చాలాసేపు సంగీతం వినిపించి, తరువాత హెచ్చార్ అధికారిణి ఎత్తింది. మర్యాదగానే మాట్లాడింది. దరఖాస్తు నంబరు అడిగి, తెరమీద చూసి, వడపోతలో పోయిందని చెప్పింది. అక్క అది ఎవరు వడపోశారని అడిగింది. సిస్టమ్ అని జవాబు. సిస్టమ్‌కు ఎక్కడ అభ్యంతరం వచ్చిందని అడిగింది.

"మీ ఇన్వెంటరీ ఖచ్చితత్వం తొంభై ఏడు పాయింట్ ఎనిమిది ఉందండి. మాకు తొంభై తొమ్మిది దాటాలి. ఇంకా... భద్రత దగ్గర నూట నలభై ఆరు ప్రమాదాలు కనిపిస్తున్నాయి."

"అవి ప్రమాదాలు కావండీ. నియర్ మిస్‌లు. జరగబోయి తప్పిపోయినవి."

"జరగలేదా?"

"జరగలేదు."

"మరి జరగనివి ఎందుకు రాశారండి?"

అక్క ఫోను చెవి దగ్గర నుంచి తీసి ఒకసారి దానివైపు చూసింది. తరువాత మళ్ళీ చెవికి పెట్టుకుని, విప్పి చెప్పడం మొదలుపెట్టింది. పెట్టె అంచున జారబోయి ఆగినా, ఫోర్క్‌లిఫ్ట్ మలుపులో మనిషిని తగలబోయి ఆగినా, చూసినవాళ్ళు ఒక చీటీ రాసి డబ్బాలో వేయాలి. ఎక్కువ చీటీలు వచ్చాయంటే ఎక్కువమంది కళ్ళు తెరుచుకుని పనిచేస్తున్నారని అర్థం. చీటీలు రాలేదంటే ఏమీ జరగడం లేదని కాదు, ఎవరూ రాయడం లేదని. అవతల హెచ్చార్ అధికారిణి ఊఁ కొట్టింది. ఫారంలో సంఘటనల సంఖ్య అని ఒకే గడి ఉందని, అందులో ఎంత వేస్తే సిస్టమ్ అంతే తీసుకుంటుందని చెప్పింది. దరఖాస్తుల గడువు ఆ సాయంత్రం ఆరింటి వరకు ఉందని, ఒకసారి మార్చి పంపే వీలు ఉందని కూడా చెప్పింది. మాట సాయం చేశానన్న తృప్తి ఆమె గొంతులో వినిపించింది.

ఫోన్ పెట్టేశాక అక్క నిచ్చెన మీది మనిషిని దిగమంది. ఆ రోజు లెక్కపెట్టాల్సిన అరలు ఇంకా పదహారు ఉన్నాయి. లెక్క ఆపలేదు.

*

మరిది మధ్యాహ్నం వచ్చాడు. అతను ఉద్యోగాలు వెతికిపెట్టే ఒక చిన్న కార్యాలయంలో రెజ్యూమెలు రాస్తాడు. వదిన తన దగ్గర రాయించుకోకుండా సొంతంగా రాసుకుని పంపిందన్న సంగతి అతనికి అంతకుముందు రోజే తెలిసి, చిన్నబుచ్చుకుని ఉన్నాడు. ఇప్పుడు తిరస్కరణ సంగతి విని చిన్నబుచ్చుకోవడం మానేశాడు. గోడౌన్ క్యాంటీన్‌లో బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచాడు.

వదిన రాసుకున్న రెజ్యూమె రెండు పేజీలు. మొదటి పేజీలో సగం ఒకే విషయం. ఏ అంకె ఎలా వచ్చిందో వివరణ. అతను చదువుతూ చదువుతూ తల పట్టుకున్నాడు.

"వదినా, ఇది రెజ్యూమెనా, పంచాయితీలో వాంగ్మూలమా?"

"అంకె పక్కన లెక్క ఉండాలి కదా."

"అంకె పక్కన అంకే ఉండాలి. చదివేవాడికి పట్టుమని పది సెకన్లు ఓపిక ఉండదు. ఒక్కో వరసకి ఒక్కో అంకె. పెద్దగా. అంతే."

అతను ఆమెను మూడే ప్రశ్నలు అడిగాడు. సరుకు లెక్కలో ఖచ్చితత్వం ఎంత, మనుషులు ఎంతమంది, ప్రమాదాలు ఎన్ని. ఆ మూడు ప్రశ్నల మీద వాళ్ళిద్దరికీ గంటన్నర పట్టింది.

ఖచ్చితత్వం తొంభై ఏడు పాయింట్ ఎనిమిది అని అక్క అంది. హెడ్డాఫీసు ఏటా వేసే నివేదికలో మీ గోడౌన్‌కు తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిది అని ఉందట కదా, అది నువ్వే చెప్పావు కదా అని మరిది అన్నాడు. చెప్పానని ఒప్పుకుంది. అయితే అది విలువ మీద వేసినది అంది. తనది అరల మీద వేసినది.

మరిదికి తేడా అర్థం కాలేదు. అక్క అరచేయి మీద వేలితో గీసి చెప్పింది. బండికి ఎడమ అద్దం, కుడి అద్దం రెండూ ఒకే ధర. ఎడమవి పది తక్కువ ఉన్నాయి, కుడివి పది ఎక్కువ ఉన్నాయి. ఎవరో తప్పు అరలో సర్దారు. డబ్బు లెక్కలో తక్కువా ఎక్కువా కొట్టుకుపోయి తేడా సున్నా. వంద శాతం. అరల లెక్కలో రెండు అరలూ తప్పే. దుకాణం వాడు ఎడమ అద్దం అడిగితే కుడిది వెళుతుంది.

"సరే, రెండూ నిజమే కదా?"

"రెండూ నిజమే. కానీ వేరు వేరు."

"నిజమే అయినప్పుడు పెద్దది వేద్దాం."

"పక్కన 'విలువ ప్రకారం' అని రాయి."

"రాస్తే వరస రెండో లైనులోకి పోతుంది వదినా."

మనుషుల దగ్గర ఇంకో గొడవ. పగటి షిఫ్టులో ఇరవై రెండుమంది. తొమ్మిదిమంది కంపెనీ మనుషులు, పదముగ్గురు కాంట్రాక్టు మనుషులు. మరిదికి ఇరవై రెండు నచ్చలేదు. ఇరవై రెండుమందిని కిరాణా కొట్టువాడు కూడా నడుపుతాడన్నాడు. గోడౌన్ మొత్తంలో ఎంతమంది అని అడిగాడు. సీజన్‌లో మూడు షిఫ్టులూ కలిపి అరవై నాలుగు అని చెప్పింది. సెలవు పెట్టిన సూపర్‌వైజర్ల బదులు మిగతా రెండు షిఫ్టులు కూడా తను చూసిన రోజులున్నాయా అంటే ఉన్నాయంది. మరిది అరవై నాలుగు అని టైపు చేసేశాడు.

"సెలవు రోజుల్లో చూసినదాన్ని నాదని ఎలా అంటాను?"

"నీదని అనడం లేదు వదినా. 'అరవై నలుగురి బృందంతో పని చేసిన అనుభవం' అంటున్నాను. చేశావా లేదా?"

ప్రమాదాల దగ్గరకు వచ్చేసరికి అక్కకు ఓపిక అడుగంటింది. గత మూడేళ్ళలో పని ఆగిపోయేంత గాయం ఎవరికీ కాలేదు. అంతకుముందు ఒకటి అయింది. సరుకు పెట్టిన చెక్క పలక జారి ఒక లోడరు పాదం మీద పడింది. అతను మూడు వారాలు ఇంట్లో ఉన్నాడు. ఆ షిఫ్టు ఆమెదే. మరిది "గత మూడేళ్ళలో" అన్న రెండు మాటలు కొట్టేసి ప్రమాదాలు సున్నా అని ఉంచాడు. నూట నలభై ఆరును మొత్తం తీసేశాడు.

అక్క వద్దంది. మరిది గడియారం చూపించాడు. గంట నాలుగున్నర. మార్చి పంపే వీలు ఒక్కసారే. అతను ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పి, అలాగైతే మళ్ళీ నీ వాంగ్మూలమే పంపుకో అన్నాడు. ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు క్యాంటీన్‌లోకి తొంగిచూసి, మూడో డాక్ దగ్గర లారీ వచ్చింది అక్కా, డ్రైవరు కాగితాలు లేకుండా వచ్చి అరుస్తున్నాడు అన్నాడు. అక్క లేచింది. అవతల లారీవాడు, ఇవతల మరిది. ఎవరో ఒకరిని వదిలించుకోవాలి.

"నీ ఇష్టం వచ్చినట్టు ఏడువు" అని ఆమె లారీ దగ్గరికి వెళ్ళింది.

మరిది ఐదింటికి ముందే పంపేశాడు. ఐదూ పదికి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. సోమవారం ఉదయం పదకొండు గంటలకు.

*

ఇంట్లో ఆ మూడు రోజులు మరిది గొప్పలే గొప్పలు. అత్తగారు చిన్నకొడుకు చేయి వేస్తే చాలు ఏ పనైనా ముడి విడిపోతుందని చుట్టాలకు ఫోన్ చేసి చెప్పింది. భర్త మంచం మీద పడుకుని రెజ్యూమె చదివాడు. అన్నీ చదివి, అరవై నలుగురా అని ఒక్క మాట అడిగాడు. అతను కాగితం మడిచి ఇచ్చేశాడు.

సోమవారం కొత్త పంపిణీ కేంద్రానికి రెండు బస్సులు మారి వెళ్ళింది. గేటు దగ్గర పేరు రాయించుకుని మెరిసే పసుపు కోటు ఇచ్చారు. నడిచే దారికి నేల మీద పచ్చగీతలు ఉన్నాయి. మలుపుల దగ్గర గుండ్రటి అద్దాలు ఉన్నాయి. ఒక మలుపు దగ్గర అద్దం ఉంది కానీ దానికి అడ్డంగా కాగితపు పెట్టెలు పేర్చారు. అక్క ఆగి చూసింది. వెంట వచ్చిన కాపలాదారు, ఇటండీ అన్నాడు.

గదిలో ఇద్దరున్నారు. హెచ్చార్ అధికారిణి, ఆపరేషన్స్ మేనేజరు. మేనేజరుకు యాభై దాటి ఉంటాయి. ఆయన చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒక పెట్టెలు కోసే బ్లేడు ఉన్నాయి. గది కిటికీలోంచి కింద గోడౌన్ నేలంతా కనిపిస్తోంది. ఆమెను కూర్చోమని, బల్ల మీద నాలుగు కాగితాలు పక్కపక్కన పరిచాడు.

"అమ్మా, మీ గోడౌన్‌లో మొత్తం ఎంతమంది?"

"సీజన్‌లో అరవై నాలుగు సార్."

"నా లెక్కలో రెండు వందల యాభై ఆరుమంది తేలుతున్నారు."

ఆమె కాగితాల మీదికి వంగింది. మొదటిది ఆమెది. రెండోది రాత్రి షిఫ్టు సూపర్‌వైజరుది. అతను ఎప్పుడూ నడుముకు టార్చిలైటు వేలాడదీసుకుంటాడు కాబట్టి అందరూ టార్చి అంటారు. మూడోది సాయంత్రం షిఫ్టు సూపర్‌వైజరుది. నాలుగోది సరుకు పంపకం చూసేవాడిది. నాలుగింటిలోనూ పైన ఒకే పెట్టె, ఒకే రంగు. అరవై నలుగురి బృందంతో పని చేసిన అనుభవం. ఇన్వెంటరీ ఖచ్చితత్వం 99.9. ప్రమాదాలు సున్నా. టార్చి కాగితంలో ఒక అక్షరం తప్పు ఉంది. అదే తప్పు ఆమె కాగితంలోనూ ఉంది.

అక్కకు ముందు అర్థం కాలేదు. తరువాత అర్థమైంది. నోటీసు అంటించిన రోజున క్యాంటీన్‌లో నిలబడి, మా మరిది రెజ్యూమెలు రాస్తాడు, వెళ్ళండి, నా పేరు చెప్పండి అని అందరికీ చెప్పింది ఆమే. వాళ్ళు వెళ్ళారు. మరిది వాళ్ళనూ మూడు ప్రశ్నలే అడిగి ఉంటాడు. వాళ్ళూ గోడౌన్ మొత్తంలో ఎంతమందో నిజమే చెప్పి ఉంటారు.

మేనేజరు ఎదురుచూస్తున్నాడు. హెచ్చార్ అధికారిణి ఆమెను గుర్తుపట్టినట్టు చూస్తోంది. గురువారం ఫోన్ చేసింది మీరే కదండీ అని అడిగింది. అవునంది.

చెప్పడానికి దారులు ఆమెకు కనిపించాయి. మిగతా ముగ్గురూ తన దగ్గర నుంచి ఎక్కించుకున్నారనవచ్చు. ముగ్గురూ తన కిందివాళ్ళే అనవచ్చు. లోకంలో గోడౌన్‌లన్నీ ఇంతే అని నవ్వేయవచ్చు. ఉద్యోగం బల్లకు అవతలి అంచున ఉంది. సగం జీతం ఇంట్లో మంచం మీద ఉంది.

"ఒకే పెట్టెను నాలుగు అరల్లో ఎక్కించాం సార్" అంది. "పెన్ను ఇస్తారా?"

మేనేజరు జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు. అక్క తన కాగితం దగ్గరికి లాక్కుని అరవై నాలుగు కొట్టేసి ఇరవై రెండు రాసింది. పక్కన తొమ్మిది, పదమూడు అని విడివిడిగా వేసింది. 99.9 పక్కన విలువ ప్రకారం అని రాసి, కింద 97.8, అరల ప్రకారం, లెక్కపెట్టేవాళ్ళకు సిస్టమ్ అంకె చూపించకుండా లెక్కపెట్టించినది అని రాసింది. సున్నా పక్కన గత మూడేళ్ళలో అని రాసింది. దాని కింద ఒకటి, నాలుగేళ్ళ కిందట, పాదం, మూడు వారాలు అని రాసింది. వరసలు రెండో లైనులోకి, మూడో లైనులోకి పోయాయి. చివర నియర్ మిస్ చీటీలు 146 అని వేసి కాగితం ముందుకు తోసింది.

మేనేజరు పైనుంచి కిందికి చదివాడు. ఖచ్చితత్వం గురించి ఏమీ అడగలేదు. పాదం గురించి అడిగాడు. ఆమె చెప్పింది. చెక్క పలక అడుగు విరిగి ఉంది. విరిగిన పలకలను పక్కన పెట్టమని చెప్పింది కానీ ఎక్కడ పెట్టాలో చోటు చూపించలేదు. వాటిని మంచివాటి పక్కనే పెట్టారు. రద్దీలో ఎవరో తీసి వాడారు. ఆ తరువాత విరిగినవాటికి ఒక మూల గీత గీసి, ఎర్ర రంగు పూయించింది.

"నూట నలభై ఆరు చీటీలతో ఏం చేశారు?"

"చదివాను సార్. పదకొండు చీటీలు ఒకే మలుపు మీద వచ్చాయి. మూడో డాక్ పక్కన. ర్యాక్ చివరి భాగం ఒక గజం వెనక్కి జరిపించాం. తరువాత ఆ మలుపు మీద చీటీ రాలేదు." ఆమె కిటికీ వైపు చూపించింది. "మీ దగ్గర కింద ఒక మలుపులో అద్దానికి పెట్టెలు అడ్డం పెట్టారు. దాని మీద ఎన్ని చీటీలు వచ్చాయి?"

మేనేజరు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాడు. హెచ్చార్ అధికారిణి తన ముందున్న తెరలో వెతికి, ఈ ఏడాది మొత్తం మీద నాలుగు చీటీలే ఉన్నాయని చెప్పింది. ఆయన ఫోన్ తీసి ఎవరికో చేసి, మలుపులో పెట్టెలు తీయమని చెప్పాడు. ఇప్పుడే అన్నాడు. తరువాత వచ్చి కూర్చున్నాడు.

"ఇవన్నీ తెలిసినదానివి, ఇలాంటి కాగితం ఎందుకు పంపావమ్మా?"

అక్క గురువారం నుంచి దిగమింగుకుంటున్న కోపం ఆ మాటతో పైకి వచ్చింది. అయినా గొంతు పెంచలేదు.

"మొదట నిజమే పంపాను సార్. రెండు పేజీలు. మీ కంప్యూటరు మర్నాడు పొద్దుటికే బయటికి గెంటింది. తొంభై తొమ్మిది దాటాలంది. జరగని ప్రమాదాలు ఎందుకు రాశావంది. రెండోసారి మా మరిది అబద్ధాలు కూడా కాదు, నిజాలకు తోకలు కత్తిరించి పంపాడు. పది నిమిషాల్లో పిలిచారు. నేను ఎవరి మీద కోప్పడాలో మీరే చెప్పండి."

మేనేజరు హెచ్చార్ అధికారిణిని, తొంభై తొమ్మిది పెట్టింది ఎవరని అడిగాడు.

"మీరే సార్. పోయిన ఏడాది మెయిల్‌లో రాశారు."

"నేను రాసింది విలువ ప్రకారం."

"మెయిల్‌లో తొంభై తొమ్మిది అని మాత్రమే ఉందండి."

ఆయన నుదురు రుద్దుకున్నాడు. ఈ కేంద్రంలో అరల లెక్క ఎంత అని అక్క అడిగింది. అడిగాక అడగకూడనిదేమో అనుకుంది. ఆయన, తొంభై నాలుగు అన్నాడు. కొత్త కట్టడం కదా అని ఎవరూ అనకముందే తనే అన్నాడు.

చివరగా మిగతా మూడు కాగితాలు ఆమె ముందుకు జరిపి, వీళ్ళ అసలు అంకెలు మీరు చెప్పగలరా అని అడిగాడు. అక్క వాటిని ముట్టుకోలేదు. టార్చి షిఫ్టులో పద్దెనిమిది, సాయంత్రం షిఫ్టులో ఇరవై నాలుగు అంది. తనవి ఇరవై రెండు కలిపితే అరవై నాలుగుకు సరిపోతుందంది. పంపకం చూసేవాడి కింద మనుషులెవరూ ఉండరని, అతని పని వేరని చెప్పింది. అంతకు మించి వాళ్ళను పిలిచి అడగండి అంది. వాళ్ళకు పెన్ను ఇవ్వండి అంది.

*

ఇంటికి వచ్చేసరికి మరిది కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అక్క చెప్పులు విడవకుండా నిలబడింది. నలుగురికీ ఒకే కాగితమా అని అడిగింది. మరిది మొదట అది కాగితం కాదు, మూస అన్నాడు. తరువాత, అందరూ ఒకే చోట పనిచేసినప్పుడు అంకెలు వేరుగా ఎలా ఉంటాయన్నాడు. తరువాత, ఒకే కంపెనీకి నలుగురూ పంపుతారని తనకేం తెలుసన్నాడు.

"అరవై నాలుగుమందిని నలుగురికి పంచావు నాయనా. కనీసం పదహారేసి వేసి ఉంటే లెక్క కుదిరేది."

భర్త మంచం మీద నుంచి నవ్వాడు. వెన్ను పట్టుకుని ఆగి, మళ్ళీ నవ్వాడు. అత్తగారు, ఇంతకీ ఉద్యోగం వచ్చిందా లేదా అని అడిగింది. తెలియదని అక్క చెప్పింది. తెలియకుండానే ఇంత రాద్ధాంతమా అని అత్తగారు వంటింట్లోకి వెళ్ళింది. మరిది ల్యాప్‌టాప్ సంచి భుజానికి తగిలించుకుని, ఎవరికీ మంచి చేసే కాలం కాదని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు గోడౌన్‌లో టార్చి ఎదురుపడ్డాడు. అతన్నీ పిలిచారట. అతనికీ పెన్ను ఇచ్చారట. ఏం చేయాలో తెలియక అక్షరం తప్పు దిద్ది ఇచ్చేశానన్నాడు. అతను నడుము దగ్గర టార్చిలైటు సర్దుకుంటూ, అరవై నలుగురూ తనవాళ్ళే అని ఆ కాగితం చదివాక తనకూ అనిపించిందని, ఇంట్లో అలాగే చెప్పానని అన్నాడు.

శుక్రవారం సాయంత్రం నియామక పత్రం వచ్చింది. పగటి షిఫ్టు సూపర్‌వైజరు. మూడు నెలలు పరీక్షా కాలం. జీతం ఇప్పటికంటే కొంచెం ఎక్కువ. అక్క డాక్ దగ్గర నిలబడి చదివింది. భర్తకు ఫోన్ చేసి చెప్పింది. అతను సరే అని, గొంతు సవరించుకుని, మళ్ళీ సరే అన్నాడు. ఆ తరువాత ఆమె పత్రం రెండోసారి చదివింది. మూడో పేరాలో ఆగింది. మీరు అరవై నలుగురి బృందానికి నాయకత్వం వహిస్తారు అని ఉంది.

ఇంటర్వ్యూ చివర మేనేజరు, ఇక్కడి పగటి షిఫ్టులో ఉంటారని చెప్పినది పద్దెనిమిదిమంది.

హెచ్చార్ అధికారిణికి ఫోన్ చేసింది. ఆమె ముందు అభినందనలు చెప్పింది. తరువాత చూసి, సిస్టమ్ రెజ్యూమెలోంచి అంకెను తీసుకుని పత్రంలో వేస్తుందని చెప్పింది. పెన్నుతో దిద్దిన కాగితం ఫైల్లో ఉందని, సిస్టమ్‌లో లేదని చెప్పింది. సిస్టమ్‌లో మార్చాలంటే కొత్త రెజ్యూమె ఎక్కించాలి. అక్క తన రెండు పేజీలు ఎక్కించమంటే, దానికి మళ్ళీ దరఖాస్తు చేయాలండీ అంది. దరఖాస్తు చేస్తే తొంభై ఏడు పాయింట్ ఎనిమిది మళ్ళీ వడపోతలో పోతుంది కదా అని అక్క అడిగింది. అవతల కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది.

"ఆ సెట్టింగు మార్చమని మేనేజరు గారు సోమవారమే చెప్పారండి. ఐటీవాళ్ళు చూస్తామన్నారు."

"ఎప్పుడు చూస్తారు?"

"చూస్తామన్నారండి."

అక్క పత్రం మీద సంతకం పెట్టింది. మూడో పేరా పక్కన పెన్నుతో పద్దెనిమిది అని రాసి, దాని పక్కన ఇంకో చిన్న సంతకం పెట్టి పంపింది. ఆ రాత్రి మరిది ఫోన్ చేశాడు. కుశల ప్రశ్నలు లేవు. చూశావా వదినా, నా అరవై నాలుగే నిలబడింది అన్నాడు. ఆమె ఫోన్ భర్తకు ఇచ్చేసింది.

నెల మొదటి తేదీన ఉదయం ఆరింటికి ఆమె కొత్త పంపిణీ కేంద్రంలో పనిలో చేరింది. మలుపులో అద్దం ముందు పెట్టెలు లేవు. షిఫ్టు మొదలయ్యే ముందు పచ్చగీత దగ్గర అందరినీ నిలబెట్టి హాజరు తీసుకుంది. వచ్చినవాళ్ళు పదిహేడుమంది. ఒకరు సెలవు.